బయట రెండు గ్లాసులు

నూజివీడు మార్కెట్ వీధిలో మామిడికాయల వ్యాపారం చేసే సత్యనారాయణమూర్తిగారికి కాయను చేతిలోకి తీసుకుంటే చాలు, అది ఎన్ని రోజులకు మగ్గుతుందో తెలిసిపోయేది. ముసునూరు తోటల్లో ఏ చెట్టు కాయ ఏ రుచో కళ్లు మూసుకుని చెప్పేవారు. యాభై ఏళ్లు దాటినా అన్నం ఎలా ఉడుకుతుందో మాత్రం ఆయనకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆయన పీట మీద కూర్చునేసరికి మల్లెపూవులాంటి అన్నం విస్తట్లో ఉండేది, అంతే.

ఆ అన్నం వండే నాగేశ్వరమ్మ మొన్న ఉగాది వెళ్లాక ఒకరోజు గంజి వారుస్తూ కాలి మీద ఒలకబోసుకుంది. ఒలకబోసుకున్న సంగతి ఆవిడకు తెలియనే లేదు. పాదం ఎర్రగా బొబ్బలెక్కి ఉండటం మూర్తిగారే చూసి గావుకేక పెట్టారు. "ఏదీ, ఎక్కడండీ?" అని ఆవిడ తన కాలు తనే వింతగా చూసుకుంది. మూర్తిగారు వెంటనే డాక్టరుకు కబురు పంపారు.

డాక్టరు దయామణిగారు వచ్చి కాళ్ల వాపు నొక్కి చూసి, చేతివేళ్లకు సూది గుచ్చినా ఆవిడకు తెలియకపోవడం గమనించి, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బా మూత తీసింది.

"ఇంత తెల్లటి బియ్యం ఎక్కడ దొరుకుతాయండీ?"

"మిల్లులో రెండుసార్లు పాలిష్ పట్టిస్తానండి. ఆవిడ కోసమే ప్రత్యేకంగా" అన్నారు మూర్తిగారు, ఆ మాటలో కాస్త గర్వంగానే.

"నాలుగుసార్లు కడుగుతారు, గంజి వార్చి గేదెకు పోస్తారు, ఆవిడేమో అందరూ తిన్నాక మిగిలిన అన్నంలో ఆవకాయో మజ్జిగో కలుపుకుంటారు. అవునా?" డాక్టరుగారు దొడ్లో నిగనిగలాడుతున్న గేదె వైపు చూసింది. "ఆవిడకు దక్కాల్సిన బలమంతా తవుడులో కొంత, గంజిలో కొంత పోయింది. ఇది బెరిబెరి. ఇంజక్షన్లు నేనిస్తాను. అన్నం మాత్రం దంపుడు బియ్యంతో, గంజి వార్చకుండా వండాలి. అది తినకపోతే జబ్బు గుండెకు పాకుతుంది. అప్పుడు బెజవాడ పెద్దాసుపత్రిలో చేర్చడం తప్పదు."

పెద్దాసుపత్రి మాట వినగానే నాగేశ్వరమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆవిడ తల్లి ఆ ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. మూర్తిగారు మాత్రం డబ్బాలో ఉన్న తెల్లబియ్యాన్నే చూస్తూ నిలబడ్డారు. ముప్పయ్యేళ్లుగా ప్రేమతో ఏరి కోరి తెచ్చి పెట్టినవి అవే.

ఆవిడ మంచం పట్టింది, ఇక వంట ఎవరు చెయ్యాలి? పక్కింటి పద్మ కూరలు పంపేది. అన్నం కూడా పంపుతానంటే నాగేశ్వరమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో అన్నం ఉడకని రోజంటూ ఉండకూడదని ఆవిడ పట్టుదల. పట్టు విడిపించడం బ్రహ్మతరం కూడా కాదు.

సరిగ్గా అప్పుడే ఆవిడ తమ్ముడు పాండురంగారావు దిగాడు. వ్యవసాయశాఖ వాళ్లు వరిసాగు నేర్చుకు రమ్మని జపాన్ పంపితే ఆరునెలలుండి వస్తూ, దారిలో సింగపూరులో మన కరెంటుకు సరిపడే అన్నం వండే మిషను ఒకటి కొనుక్కొచ్చాడు. గిన్నెలో గిన్నె, పైన మూత, కింద చిన్న మీట.

"చూడండి బావగారూ. లోపలి గిన్నెలో గ్లాసు బియ్యానికి గ్లాసున్నర నీళ్లు. బయటి గిన్నెలో ఒక గ్లాసు. మీట నొక్కితే అయిపోయింది. బయటి నీళ్లు ఆవిరైపోయాక మీట టక్కుమని దానంతటదే పడిపోతుంది. కాసేపు మూత తియ్యకండి."

మిల్లు బియ్యంతో వండి చూపించాడు. అరగంటలో మీట పడింది. పది నిమిషాలాగి మూత తీస్తే పొడిపొడిగా, మెతుకుకు మెతుకు విడివిడిగా ఉంది. మూర్తిగారు బుట్టల లెక్క రాసుకునే అలవాటు కొద్దీ బొగ్గుముక్క తీసి వంటింటి గోడ మీద రాసేశారు: "1 బియ్యం – 1½ నీళ్లు. బయట 1." ఆ రాతతో తనకు వంట వచ్చేసినట్టే లెక్క. పాండురంగారావు మర్నాడు పొద్దున్నే మైలవరం డ్యూటీకి వెళ్లిపోయాడు.

బంగినపల్లి కోత ముమ్మరంగా ఉన్న రోజులు. అయినా మూర్తిగారు కొట్టు గుమాస్తాకు అప్పగించి, వీధి తలుపు గడియ పెట్టి, పంచె ఎగ్గట్టి వంటింట్లోకి వెళ్లారు. గడియ ఎందుకంటే, మామిడి వర్తకుడు అన్నం వార్చుకుంటున్నాడని ఊరంతా చెప్పుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

తోట కాపలాదారు భార్య రిబ్కమ్మ స్వయంగా దంచి పంపిన ముడిబియ్యం గ్లాసుడు పోసి, గోడ మీద లెక్క ప్రకారం గ్లాసున్నర నీళ్లు పోశారు. మీట పడింది. మూత తీశారు. బియ్యం కాస్త ఉబ్బినట్టే ఉన్నాయి గానీ అన్నం కాలేదు. నాగేశ్వరమ్మ మంచం మీద కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"బాగుందా?"

"బాగుందండీ" అంది. రెండో ముద్ద కలపలేదు.

అదే మిషనులో తనకు తెల్లన్నం వండుకుని పద్మ పంపిన పప్పుతో తినేశారు మూర్తిగారు. ఆకలి వేసే మనిషి మరి. నాగేశ్వరమ్మ అటే చూస్తూ పడుకుంది.

మర్నాడు ఆయన బాగా ఆలోచించారు. గట్టిగా ఉన్నాయంటే నీళ్లు చాలలేదని అర్థం. లోపల ఏకంగా మూడు గ్లాసులు పోశారు. అరగంటకే మీట పడింది. మూత తీస్తే నీళ్లలో పలుకులు ఈదుతున్నాయి. ఇప్పుడేం చెయ్యాలి? ముప్పయ్యేళ్లుగా గుమ్మంలోంచి చూసిన పని ఒకటే ఆయనకు గుర్తొచ్చింది. గిన్నెకు గుడ్డ కట్టి, మూత అడ్డుపెట్టి, ఎంతో ఒడుపుగా గంజి వార్చేశారు. వార్చిన గంజి కుడితి తొట్లో పోస్తుండగా ఇంజక్షను సంచితో డాక్టరుగారు దొడ్డి గుమ్మంలో కనిపించింది.

"మూర్తిగారూ, నా రోగి మీ భార్యా, గేదా?"

ఆయన గిన్నె ముందుకు చాపారు. డాక్టరుగారు ఒక పలుకు నలిపి చూసింది. లోపల తెల్లగా సుద్దముక్కలా ఉంది. నాగేశ్వరమ్మ నాడి చూసి మొహం గంభీరంగా పెట్టుకుంది. బయటికొచ్చి, "ఆదివారం దాకా చూస్తాను. ఆలోపు ఆవిడ కడుపునిండా తినాలి. లేకపోతే బెజవాడకు బండి నేనే మాట్లాడతాను" అని చెప్పి వెళ్లిపోయింది. ఆ రోజు శుక్రవారం.

మర్నాడు మూర్తిగారు ఎండను లెక్కచెయ్యకుండా ముసునూరు తోటకు వెళ్లారు. చెట్ల కింద కాయలు ఏరుతున్న రిబ్కమ్మను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగారు. "ఈ ముడిబియ్యానికి ఎసరెంత పోస్తావమ్మా?"

రిబ్కమ్మకు నవ్వొచ్చింది గానీ మర్యాదగా మింగేసింది. "గ్లాసుకి రెండున్నర అయ్యగారండీ. ముందొక గంట నానబెట్టాలండీ, ఆ నీళ్లు కూడా ఆ కొలతలోవేనండీ. అత్తెసరు పెట్టి సన్నసెగ మీద ఉంచుతాను. పైన తవుడుపొర ఉంటది కదండీ, నీళ్లు లోపలికి పోవడానికి తీరుబడి కావాలండీ. తెల్లన్నం రెండు వాయిలు దిగేంతసేపు పడతది."

ఇంటికొచ్చి బియ్యం నానబోశారు. గంట గడిచాక అదే నీళ్లతో రెండున్నర గ్లాసులూ సరిచూసి, బయటి గిన్నెలో ఒక గ్లాసు పోసి, మీట నొక్కబోతుంటే మంచం మీద నుంచి నాగేశ్వరమ్మ పిలిచింది.

"ఏమండీ, బయట ఎన్ని పోశారు?"

"ఒకటే. గోడ మీద ఉందిగా."

"మొన్న లోపల గ్లాసున్నర పోశారు, నిన్న మూడు పోశారు. రెండుసార్లూ మీట అరగంటకే పడింది. ఈ మంచం మీద నాకు గడియారం చూడటం తప్ప వేరే పనేముంది? తమ్ముడేం చెప్పాడు, బయటి నీళ్లు అయిపోతే ఆగిపోతుందనేగా? దాని పొయ్యిలో కట్టెలు ఆ బయటి నీళ్లేనండీ. గ్లాసుడు కట్టెలు పెట్టి రెండు వాయిల వంట చెయ్యమంటే పాపం అదేం చేస్తుంది?"

మూర్తిగారు భార్య వైపు తిరిగారు. నెల రోజుల తర్వాత ఆవిడ గొంతులో ఆ పాత విసురు వినిపించింది. తనను కోప్పడుతోంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. బయట ఇంకో గ్లాసు పోసి మీట నొక్కారు.

అరగంట దాటినా మీట పడలేదు. ముప్పావు గంట గడిచింది. ఇద్దరూ ఒకే గడియారాన్ని చూస్తూ కూర్చున్నారు. ఇంకొంచెంసేపటికి టక్కుమంది. మూత తియ్యబోయిన ఆయన్ని "ఉమ్మగిల్లనివ్వండి" అని ఆవిడ కసిరింది. పది నిమిషాల తర్వాత తీస్తే చుక్క నీరు లేదు. మెతుకు పట్టి నొక్కితే మెత్తగా, లోపల పలుకు లేకుండా నలిగింది. గోధుమరంగు అన్నం, కమ్మటి వాసన. నెయ్యి వేసి, పప్పు కలిపి, మంచం దగ్గరికి తెచ్చారు. నాగేశ్వరమ్మ కంచం వైపు చూసింది గానీ చెయ్యి పెట్టలేదు.

"మెత్తగానే ఉంది. నేను నలిపి చూశాను" అన్నారు మూర్తిగారు కంగారుగా.

"కనిపిస్తూనే ఉందండీ."

"మరింకేం?"

"మీకింకా వండుకోలేదుగా" అంది ఆవిడ చిన్నగా. "పెళ్లయిన దగ్గర్నుంచీ మీకన్నా ముందు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఆ మొదటి రోజూ మీకు వేరే అన్నం, నాకు వేరే అన్నం. ఆసుపత్రిలో ఉన్నట్టే ఉందండీ. మింగుడుపడలేదు."

మూర్తిగారు లేచి వెళ్లి ఇంకో కంచం తెచ్చుకున్నారు. ఆ గ్లాసుడు బియ్యపు అన్నాన్నే రెండు కంచాల్లో సర్ది, మంచం పక్కన పీట వేసుకుని, ముందు తనే ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆవిడ తింది. ఒక ముద్ద, ఇంకో ముద్ద. కంచం ఖాళీ అయ్యాక "ఇంకొంచెం ఉందా?" అని అడిగింది. లేదు. ఇల్లాలు మారు అడిగితే గిన్నెలో అన్నం లేకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఆయనకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే కలిగాయి.

"రేపట్నుంచి రెండు గ్లాసుల బియ్యం, ఐదు గ్లాసుల నీళ్లు" అని, గోడ మీద పాత లెక్క కింద బొగ్గుతో రాశారు.

"బయట మాత్రం నాలుగు పొయ్యకండి. రెండూ, ఇంకో గుక్కెడూ చాలు. అది బియ్యం కొలతకు కాదు, ఉడికే సేపుకు" అని మంచం మీద నుంచి సవరణ వచ్చింది. అదీ రాశారు.

ఆదివారం డాక్టరుగారు వచ్చింది గానీ బండి మాట ఎత్తలేదు. చిన్నరసాలు వచ్చి వెళ్లే నాటికి నాగేశ్వరమ్మ గోడ పట్టుకుని వంటింటి దాకా నడవసాగింది. ఒకరోజు తడిగుడ్డ తీసుకుని, బొగ్గురాతల్లో పైనున్న తెల్లబియ్యం లెక్కను తుడుస్తూ మధ్యలో ఆగిపోయింది. గుడ్డ పక్కన పెట్టి, ఉత్త చేత్తో మెల్లగా గోడను తడిమింది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది.

మూర్తిగారు చేతిలో గ్లాసుతోనే వచ్చారు. "ఏమైంది?"

"గోడ గరుగ్గా ఉందండీ" అంది నాగేశ్వరమ్మ.

"సున్నం కొట్టించి రెండేళ్లయిందిగా" అంటూ ఆయన మొదట గోడ వైపే చూశారు. తర్వాత ఆవిడ వేళ్ల వైపు చూశారు.