బయటి కొలత

గోపాలప్ప ఏ మంచానికీ బయటి కొలత చెప్పి ఎరుగడు. హోసూరులో బాగలూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని ముప్పై ఏళ్ళుగా మంచాలు చేస్తున్నాడు. ఆయన నోట ‘ఆరుంపావుకు మూడు’ అన్న మాట వచ్చిందంటే, ఆరడుగుల మూడంగుళాల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న పరుపు అందులో పడుతుందని అర్థం. ఆ పరుపు చుట్టూ ఉండే కొయ్య ఇంట్లో ఎంత చోటు తింటుందని అడిగితే, అదేం ప్రశ్న అన్నట్టు చూస్తాడు. ఆయన ఒక్కడి తప్పు కాదిది. చుట్టుపక్కల వడ్రంగులందరూ పరుపును బట్టే మంచానికి పేరు పెడతారు.

ఫోన్లో ఫొటోలు పెట్టి మంచాలు అమ్మే పని కోడలు అంబికది. మొగుడు లోకనాథ్ కంపెనీ షిఫ్టులకు పోతాడు కాబట్టి షెడ్డులో మాట్లాడే పని, మాట పడే పని రెండూ ఆమెవే. మామ చెప్పింది చెప్పినట్టు రాసింది: ‘టేకు సింగిల్ మంచం, పొడవు ఆరుంపావు, వెడల్పు మూడు.’ అంతే. అది చూసి అత్తిముగంలో సుమ అనే అమ్మాయి కొనుక్కుంది. టెంపో ధనశేఖర్ పొద్దున్నే ఎక్కించుకుని పోయినాడు.

పదిన్నరకు అతనే ఫోన్ చేశాడు.

"అక్కా, మంచం పట్టలేదు. మూడంగుళాలు ఎక్కువొస్తా ఉండాది. ఈ సుమక్క మాట్లాడకుండా గోడకానుకొని కూర్చుంది. తిట్టినా బాగుండు. నువ్వొచ్చి చూడు."

అంబిక వెళ్ళి మామతో చెప్పింది. ఆయన చిత్రిక పట్టడం ఆపలేదు. ఆరుంపావు మంచం బయట కూడా ఆరుంపావే ఉంటుందా, ఆ సంగతి అందరికీ తెలిసిందే కదా అన్నాడు. అందరికీ అంటే ఎవరికి? వడ్రంగులకు తెలుసు, పరుపులు అమ్మేవాళ్ళకు తెలుసు. మంచం మీద పడుకోబోయే మనిషి మాత్రం ఆ అందరిలో లేదు. అంబిక "నువ్వు కూడా రా మామా. రాసింది నేనే, కానీ చేసింది నువ్వు" అని బండి తాళాలు తీసుకుంది. గోపాలప్ప గొణుక్కుంటూనే వెనక ఎక్కినాడు. టేపు జేబులో పెట్టుకోవడం మాత్రం మరవలేదు.

అత్తిముగంలో సుమ ఇల్లు చిన్నది. ముందొక హాలు, వెనక ఒక గది. ఆ గది సుమ అత్త చెన్నమ్మది. చెన్నమ్మ బతుకంతా మేకలు కాసింది, బతుకంతా చాప మీదే పడుకుంది. ఇప్పుడు మోకాలికి ఆపరేషన్ అయి హోసూరు ఆసుపత్రిలో ఉంది. ఎల్లుండి ఇంటికి పంపిస్తారు. నేల మీద పడుకోనివ్వద్దని, కింద కూర్చోనివ్వద్దని డాక్టరు గట్టిగా చెప్పినాడు. హాల్లో వేస్తే ఏ మంచమైనా పడుతుంది. కానీ వచ్చేపోయే జనంలో, టీవీ ముందు తాను పడుకోనని చెన్నమ్మ తేల్చేసింది. వెనక గది కిటికీలోంచి మేకల దొడ్డి కనిపిస్తుంది. ఆ గది ఇవ్వకపోతే పోయి నేల మీదే పడుకుంటానంది. అన్నదంటే పడుకునే మనిషే. అప్పుడిక కొత్త మోకాలు ఏమవుతుందో డాక్టరుకే తెలియాలి.

గదిలోకి పోయిన అంబికకు ముందు మంచం కనిపించలేదు, దాని కింద నేల కనిపించింది. అక్కడ సుద్దముక్కతో గీసిన గీతలున్నాయి. ఒక చివర గోడ, రెండో చివర గోడలో కలిపి కట్టిన సిమెంటు రాగుల తొట్టి. ఆ రెండింటి మధ్య ఆరున్నర అడుగులు. అందులో ఆరుంపావు పొడవు, మూడడుగుల వెడల్పు కొలిచి సుమ మంచం బొమ్మ గీసుకుంది. ఇంకా మూడంగుళాలు మిగిలిందని సంతోషపడింది. ఆసుపత్రికి పోయే ముందు రోజు అత్తను ఆ గీతల మధ్య పడుకోబెట్టి చూసింది కూడా. ఆమె అటు తిరిగి, ఇటు తిరిగి, బాగుందని చెప్పిందట.

ఇప్పుడు ఆ గీతల మీద మంచం అడ్డదిడ్డంగా ఉంది. తలవైపు పలక గోడకు ఆనితే కాళ్ళవైపు పలక తొట్టిని ఎక్కుతోంది. గోపాలప్ప పువ్వులు చెక్కి వెనక్కి వాల్చిన పలక అది, దానికే నాలుగంగుళాలు పోయాయి. కాళ్ళవైపుది రెండు. మొత్తం ఆరడుగుల తొమ్మిదంగుళాలు. మంచాన్ని రెండో గోడ పొడవునా తిప్పితే, లోపలికి తెరుచుకునే తలుపు సగంలోనే మంచంపట్టెకు కొట్టుకుంటోంది.

విప్పి మళ్ళీ బిగిద్దామని ధనశేఖర్ కింది చెక్కలు పైకి తీశాడు. సుమ వాటిని వేలితో తట్టి చూసింది.

"ఇది కూడా టేకేనా అక్కా?"

అంబిక మామ వైపు చూసింది. అది ప్లైవుడ్. కింది చెక్కలు యాడైనా ప్లైవుడ్డే వేస్తారమ్మా, అందరికీ తెలిసిందే, అని ఆయన మొదలుపెట్టినాడు. చివరి మాట పూర్తిగా బయటికి రాలేదు. ఆయన కళ్ళు నేల మీది గీతల మీద ఉన్నాయి. వంగి టేపు వేసి కొలిచినాడు. సుమ గీసిన గీతలో దారమంత తప్పు కూడా లేదు.

"ఈ పిల్ల సరిగ్గానే గీసుకునింది" అన్నాడు అంబికతో. టేపు చుట్టుకుంటూ, "మనం చెప్పినట్టే గీసుకునింది" అన్నాడు.

మంచం తిరిగి తీసుకుంటామని అంబిక చెప్పింది. సుమ తల అడ్డంగా ఊపింది. మంచం వెనక్కిస్తే ఎల్లుండి అత్తను యాడ పడుకోబెట్టాలని అడిగింది.

గోపాలప్ప తొట్టి అంచున కూర్చొని, "మీ అత్త ఎంత పొడుగుంటుందమ్మా?" అన్నాడు.

సుమ చెయ్యి తన చెవి దగ్గర పెట్టి చూపించింది. పరుపు కొన్నావా అంటే ఇంకా లేదంది. ఆయన ముఖంలో అప్పుడు కొంచెం వెలుగొచ్చింది. చెవి దాకా వచ్చే ముసలామెకు ఆరుంపావు పరుపు ఏంటికి? ఆరడుగుల పరుపు ప్రతి అంగట్లోనూ దొరుకుతుంది. పక్క పట్టెలు మూడంగుళాలు కోసేసి, వాలు పలక తీసి రెండంగుళాల మందంతో నిలువు పలక వేస్తే బయటికి ఆరడుగుల నాలుగంగుళాలు వస్తుంది. తొట్టికీ మంచానికీ మధ్య రెండంగుళాలు మిగులుతుంది.

"పువ్వుల పలక పోతుంది కదా మామా" అంది అంబిక. వారం రోజులు చెక్కినాడాయన దాన్ని.

"పోనీ. ఆయమ్మ పువ్వులు చూస్తుందా, మేకల్ని చూస్తుందా?"

ఇంకొక అనుమానం అంబికకే వచ్చింది. మంచం ఎత్తెంత? ఆ సంగతి కూడా తాను రాయలేదు. నేల నుంచి చెక్క దాకా ఒకటిన్నర అడుగు, పైన పరుపు. చెవి దాకా వచ్చే మనిషి దాని మీద కూర్చుంటే కాళ్ళు గాల్లో వేలాడతాయి. మోకాలికి కోత పడిన మనిషి గాల్లోంచి నేల మీదికి దూకాలా?

ధనశేఖర్ మంచం ముక్కల్ని మళ్ళీ షెడ్డుకు చేర్చినాడు. ఆ మధ్యాహ్నం అంబిక టేపు పట్టుకుని ఆసుపత్రికి పోయింది. చెన్నమ్మ కుర్చీలో కూర్చొని ఇడ్లీ తింటోంది. విషయం చెప్పి, మడమ నుంచి మోకాలి మడత దాకా కొలవాలంది అంబిక.

"కొలుచుకో తల్లీ. గుంత తవ్వేవాళ్ళే కొలుస్తారనుకున్నాను. మంచాలోళ్ళు కూడా కొలుస్తారా?"

"మేము కొలవం అవ్వా. అందుకే ఇట్లయింది."

"మీ మామేనా చేసింది? ఆయన పొడుగా?"

"పొడుగే."

"అదీ సంగతి. ఆయన కోసం చేసుకొని నాకు అమ్మినాడు" అని చెన్నమ్మ నవ్వింది. పక్క మంచం మీదామె కూడా నవ్వింది.

పదిహేను అంగుళాలు వచ్చింది. కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆనాలి, అలాగని మోకాలి కన్నా కిందికి ఉండకూడదు, లేవడానికి కష్టం అని నర్సు చెప్పింది. అంబిక షెడ్డుకు ఫోన్ చేసి చెబితే, గోపాలప్ప మంచం కోళ్ళు ఐదంగుళాలు కొయ్యాలని తేల్చినాడు. నాలుగంగుళాల పరుపు వేస్తే మొత్తం పదిహేడు, మనిషి కూర్చుంటే పరుపు అణిగి పదిహేనుకు దిగుతుంది.

మరునాడంతా షెడ్డులో రంపం చప్పుడే. కోసినవాటికి ఆయన మళ్ళీ ఇనప కొక్కీలు బిగించినాడు. అంబిక ఊరికే ఉండే మనిషి కాదు. పని అయిపోయే దాకా ఆగి, ఇంకో మంచం ఫొటో పెట్టే ముందు తనకు అన్నీ కావాలంది. లోపలి కొలత, బయటి కొలత, నేల నుంచి ఎత్తు, తలవైపు పలక ఎత్తు, విప్పితే అన్నింటికన్నా పెద్ద ముక్క ఎంత, బరువెంత, ఏది టేకు, ఏది ప్లైవుడ్.

"బరువేంటికి? మంచాన్ని నెత్తిన పెట్టుకొని తిరుగుతారా?"

"మూడో అంతస్తులో ఉండేవాళ్ళు మోసుకుపోవాల కదా మామా."

"ప్లైవుడ్ అని రాస్తే ఎవరు కొంటారు?"

"రాయకుండా అమ్మితే నిన్న ఆ పిల్ల అడిగిందే, ఆ ప్రశ్న మళ్ళీ అడుగుతారు. అప్పుడు నువ్వే చెప్పు జవాబు. నేను చెప్పలేను."

సాయంత్రం చూస్తే గోపాలప్ప షెడ్డులో ఉన్న డబుల్ కాట్ విప్పి, పక్కనున్న పాత ఇనప సామాన్ల అంగడికి ఒక్కో ముక్కా మోసుకుపోయి కాటా మీద పెడుతున్నాడు. కాటా ముందు నిలబడి, ఊరంతా వినేట్టు అంకెలు అరుస్తున్నాడు. అంబిక ఫోన్లో రాసుకుంటోంది. మొత్తం తొంభై కిలోలు దాటింది. తాను చేసిన మంచం ఇంత బరువుందని ముప్పై ఏళ్ళలో ఆయనకే తెలియదు. కాస్త గర్వంగా కూడా అనిపించినట్టుంది, రెండోసారి తూచినాడు.

చెన్నమ్మ ఇంటికొచ్చిన రోజు అంబికతో పాటు ఆయన కూడా అత్తిముగం పోయినాడు. కొక్కీలు బిగించి చూడాలని సాకు. మంచం తొట్టి పక్కన ఒదిగి కూర్చుంది. చేత్తో తోస్తే తలుపు గోడ దాకా పోయింది. సుమ, ధనశేఖర్ చెరో చెయ్యి పట్టుకుని చెన్నమ్మను కూర్చోబెట్టారు. రెండు పాదాలూ నేలకు ఆనాయి. ఆమె వాటిని కాసేపు అలాగే చూసుకుంది. తర్వాత కిటికీలోంచి దొడ్డి వైపు చూసి, ఆ నల్లమేక చిక్కిపోయింది, మేత ఎవరు వేస్తున్నారని సుమను నిలదీసింది.

గోపాలప్ప మోకాళ్ళ మీద కూర్చొని కొక్కీలు తడుముతూ, మంచం ఇంకా ఏమన్నా సరిచేయాలా అని అడిగాడు.

"బాగుండాదప్పా. పైన పలక మాత్రం బోడిగా ఉండాది. ఏదన్నా ఒక పువ్వు చెక్కకూడదా?"

అంబిక నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకుంది. గోపాలప్ప తల గోక్కున్నాడు.

"చెక్కుతాలే అవ్వా. ఎంత మందం పెరుగుతుందో ముందు చెప్పి చెక్కుతా."

చెన్నమ్మ మెల్లగా వెనక్కి వాలింది. నలుగురూ అక్కడే నిలబడి తనను చూస్తుంటే చెయ్యి విదిలించింది.

"ఇంక నడవండి అందరూ. ఇది నా గది. సుమా, ఆ తలుపు లాగెయ్."

సుమ తలుపు లాగింది. అది యాడా తగలకుండా వచ్చి మూసుకుంది.