చేశాను, చేశాం

వాషింగ్ మెషిన్లు అమ్మే కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కి ఇద్దరం చేరాం. నాకు ఇరవై రెండేళ్ళు, ఆవిడకి నలభై. పిల్లల పెంపకంలో పదేళ్ళు పోయాక మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషి. మొదటి రోజే నేను "అక్కా" అన్నాను. వాగుడు ఆపనని ఆవిడ నాకు "పిట్ట" అని పేరు పెట్టింది. చివరికి ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటారని ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్ళం.

ఫోనెత్తడం, ఫిర్యాదు రాసుకోవడం, మెకానిక్‌ని పంపడం, ఇదీ మా పని. మూడో వారంలో అక్క ఒక సంగతి పట్టింది. మెకానిక్ వెళ్ళిన ప్రతి మూడు నాలుగు ఇళ్ళలో ఒకచోట మెషిన్ నిక్షేపంలా ఉంటోంది. కుళాయి కట్టేసి ఉంటుంది, లేదా గొట్టం మడతపడి ఉంటుంది. మనిషిని పంపేముందు ఫోన్‌లోనే అడగమని ఆవిడ ఐదు ప్రశ్నలు రాసింది. నేను వాటిని ఒక షీట్‌లో పెట్టి, అడిగాక ఏమైందో రోజూ నింపాను. రెండు నెలల్లో నాలుగు వందల కాల్స్ వస్తే, నూట పది ఫోన్‌లోనే తీరిపోయాయి.

ప్రతి శుక్రవారం మేనేజర్ గారిని పది నిమిషాలు అడిగేదాన్ని. ఈ వారం ఏది బాగుంది, ఏది మార్చుకోవాలి అని. గబగబా మాట్లాడతావన్నారు, నిదానించాను. అక్కని కూడా రమ్మన్నాను. పని చూసి వాళ్ళే పిలుస్తారులే అంది. అడగందే అమ్మైనా పెట్టదన్నాను. నవ్వేసింది.

నాలుగో నెలలో ఒక శుక్రవారం మేనేజర్ గారు నా మాటతీరు పట్టుకున్నారు. "నువ్వెప్పుడూ చూశాం, చేశాం అంటావు. అందులో నువ్వు చేసిందేదో నాకు తెలియాలి కదమ్మా" అన్నారు. లేవబోతుంటే ఇంకో మాట చెప్పారు. వచ్చే ఏడాదికి ఎంతమంది కావాలో ఇరవయ్యో తేదీలోగా పైకి రాసి పంపాలట. ఆ తర్వాత అడిగితే ఖాళీ ఉండదట.

ఆ మధ్యాహ్నం అక్క ఎదురుగా కూర్చుని తింటోంది. తేదీ సంగతి నా నోటిదాకా వచ్చింది, మింగేశాను. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రెండు వారాలు సాగింది.

పదిహేనో తారీఖున అరగంట సమయం అడిగి, ఒక్క పేజీ రాసుకుని వెళ్ళాను. ఇక్కడే ఉండాలనుందని, ఏం చేశానో, ఉంచుకుంటే ఏం చేస్తానో చెప్పాను. ఆయన షీట్ చూసి, ఈ ఐదు ప్రశ్నలు ఎలా వచ్చాయని అడిగారు.

"పాత ఫిర్యాదులన్నీ చదివి తయారు చేశాను" అన్నాను.

ఆయన చెప్పినట్టే మాట్లాడాను కదా అని, కుర్చీలోంచి లేవకముందే నాకు నేను సర్ది చెప్పుకున్నాను. సిగ్గులేని నోరు.

నెలాఖరుకి ఆఫర్ లెటర్ వచ్చింది. దాన్ని బ్యాగులో పెట్టుకుని రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా తిరిగాను. మూడో రోజు అక్క ఒక కాగితం తెచ్చింది. ఉద్యోగం అడుగుతూ రాసుకుందట, తప్పులుంటే దిద్దమంది. అందులో ఇలా ఉంది: "ఐదు ప్రశ్నలు నేను రాశాను. వాటి వల్ల ఎంత మేలు జరిగిందో లెక్క తేల్చింది నా తోటి ఇంటర్న్. ఆ అమ్మాయే లేకపోతే అవి నా నోట్‌బుక్‌లోనే ఉండిపోయేవి."

దిద్దడానికి ఒక్క తప్పు లేదు. కాగితం అక్కడే పెట్టి మేనేజర్ గారి గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పేశాను. ఆయన షీట్ మళ్ళీ తెరిచి చూశారు. రికార్డులో ఆవిడ పేరు రాయిస్తానన్నారు. నా ఆఫర్ మాత్రం తీసేయరట, నేను చేసింది కూడా పనేనట.

"ఈ మాట పదిహేనో తారీఖున చెప్పుంటే ఇద్దరూ కావాలని పైకి రాసేవాణ్ణి. ఆ నూట పది కాల్స్ చూపిస్తే ఇచ్చేవాళ్ళు కూడా. ఇప్పుడు జాబితా వెళ్ళిపోయింది" అన్నారు.

బయటికొచ్చి అక్కకీ చెప్పాను. ప్రశ్నలు నావని చెప్పుకున్నానన్నప్పుడు ఆవిడ తల వంచుకుని తన కాగితం మడతపెట్టుకుంటోంది. జాబితా ఇరవయ్యో తేదీకే వెళ్ళిపోయిందని చెప్పాక తలెత్తింది.

"ఇరవయ్యో తేదీ అని నీకెప్పుడు తెలిసింది?"

"రెండు వారాల ముందే."

"ప్రశ్నలదేముందే, ఇంకో ఐదు రాసుకుంటాను" అంది. "రెండు వారాలు నా ఎదురుగా కూర్చుని ఎలా తిన్నావే?"

ఫోన్ మోగింది. ఆవిడే తీసి, కుళాయి తిప్పి ఉందో లేదో చూడమని ఎవరికో నెమ్మదిగా చెప్పింది.