అక్షరాల్లో మిగిలిన నంబరు

"ఎక్కడో ఏదో వదిలేసే ఉంటాను. ఎవరి ప్రాణం మీదికి తెస్తానో ఏమో!" అంది పిన్ని, పంపే బొత్తాం మీద వేలు పెట్టి.

"పొద్దుట్నుంచీ ఇదే పాట. మీ అమ్మాయి కాలేజీ బస్సు రెండు నిమిషాలు లేటైతేనే ఆస్పత్రులకి ఫోన్లు చేస్తావు నువ్వు. పంపించెయ్ పిన్నీ," అంది పక్క సీటు అమ్మాయి.

ఆపదలో ఉన్న ఆడవాళ్ల హెల్ప్‌లైన్ ఆఫీసు అది. వచ్చిన కాల్ సారాంశంలోంచి పేర్లు, ఊళ్లు, నంబర్లు తీసేసి, కొత్తగా చేరిన వాలంటీర్లు నేర్చుకోవడానికి వాళ్ల ఫోన్ గ్రూపులో పెట్టడం, ఆఫీసంతా పిన్ని అని పిలిచే ఈమె పని. ఆ ఉదయం మాట్లాడినావిడ, భర్త దెబ్బలకి ఓర్చుకోలేక పిల్లాణ్ణి తీసుకుని చిన్ననాటి స్నేహితురాలి ఇంట్లో దాక్కుంది. "మా మరిది కూడా ఇలాంటి సేవే చేస్తాడమ్మా. నేనిక్కడున్నానని తెలిస్తే బతకను," అని ఏడ్చింది.

పిన్ని పంపించింది. పంపాక మరోసారి చదువుకుంది. అప్పుడు కనపడింది తప్పు.

అంకెలు తప్పు చదువుతారన్న భయంతో, చెక్కు మీద రాసినట్టు ప్రతి నంబరునూ పక్కనే అక్షరాల్లోనూ రాసుకోవడం ఆమె అలవాటు. ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతా నంబరు వెతికి చెరిపే కంప్యూటర్ ప్రోగ్రాము అంకెల్నే చెరిపింది. ఆమె ఫోను నంబరు, ఖాతా పక్కనున్న అక్షరాలు పిన్నే తుడిచింది. స్నేహితురాలి నంబరు దగ్గర మాత్రం "తొమ్మిది, నాలుగు, సున్నా..." అంటూ పది మాటలూ చెక్కుచెదరకుండా నిలిచాయి.

ఆ మెసేజ్‌ని గ్రూపులో ఇక ఎవరికీ కనపడకుండా తుడిచేసింది. అప్పటికే తొమ్మిది మంది చూశారు. వాళ్లలో ఆ మరిది ఉన్నాడో లేడో ఎవరు చెప్పగలరు? ఆ నంబరు ఫోన్లో కొడితే స్నేహితురాలి పేరూ ఫోటోవూ బయటపడతాయి, ఆమె ఎవరింట్లో ఉందో అతనికి తెలిసిపోతుంది.

"మేడమ్, కొంప ముంచాను," అంది సూపర్‌వైజరు ముందు నిలబడి.

ఆవిడ తిట్టలేదు. అందుకే పిన్నికి ఇంకా భయం వేసింది. "చూసినవాళ్ల లిస్టు నేను తీస్తాను. ముందు ఆమెని అక్కణ్ణుంచి కదిలించాలి. నువ్వే మాట్లాడు, నీ గొంతు ఆమెకి తెలుసు," అని తాళం వేసి ఉంచిన అసలు రికార్డు తెరిచి ఆమె నంబరు కలిపింది. "మన పేరు చెప్పకు. పక్కనెవరున్నారో తెలీదు. కుట్టిన బట్టలు సిద్ధమయ్యాయని అను. ఆమెతో ముందే అనుకున్న గుర్తు మాట అదే."

గంట మోగింది. మోగుతూనే ఉంది. ఎవరో ఎత్తారు.

"అమ్మా, మీ బట్టలు కుట్టేశాం. ఎప్పుడొచ్చి తీసుకుంటారు?"

అటు ఊపిరి తప్ప ఏమీ లేదు. ఆడ ఊపిరో మగ ఊపిరో తెలియలేదు. పిన్ని ఫోను పెట్టేయబోతే సూపర్‌వైజరు చేత్తో ఆగమంది. గోడ గడియారం సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది, మరో చుట్టు మొదలెట్టింది.

"ఒక్కదాన్నే ఉన్నాను," అంది చివరికి ఆ గొంతు, లోగొంతుకతో. "పిల్లాడు నిద్రపోతుంటే గదిలోంచి బయటికి వచ్చాను. చెప్పండమ్మా."