పక్క పాపిడి

విగ్గు పెట్టుకుని అద్దంలో చూసుకోగానే చెల్లి ముఖం వాడిపోయింది.

"బాగానే ఉందక్కా," అంది.

ఇరవై ఏళ్ళుగా విగ్గులు కడుతున్నాను. ఇలాంటి "బాగానే"లు చాలా విన్నాను. చెల్లికి నుదుటి మీదా కణతల దగ్గరా జుట్టు పోయింది. వెనక మాత్రం మిగిలింది. అందుకే ముందు భాగానికి సరిపడా చిన్న విగ్గు కట్టాను. రెండు నెలల సెలవు అయిపోయి, సోమవారం మళ్ళీ బడికి వెళ్ళాలి.

"ముందు బెంచీ పిల్లల కళ్ళు నీకు తెలియవు. ఒక్కడు 'టీచర్, అది విగ్గా' అన్నాడంటే నేనిక ఆ క్లాసులో అడుగు పెట్టలేను."

"ఏం బాగాలేదో చెప్పవే."

"పాపిడి. చిన్నప్పుడు నువ్వు తీసినట్టే ఉంది. పక్కకి తీయవూ?"

నాకు ఒళ్ళు మండింది. దువ్వెన ఇటు నుంచి అటు జరిపితే అయిపోయే పనా ఇది? కానీ తప్పు నాదే. విగ్గు మొదలుపెట్టే రోజు ఫోనులో పక్క పాపిడి అనే చెప్పింది. నేను చెవిన పెట్టలేదు. నీకు నడిమి పాపిడే అందం అని తేల్చేసి కట్టేశాను. ఎప్పుడూ అంతే. అమ్మ పొద్దున్నే పనికి వెళ్ళిపోయేది కాబట్టి దీని జడ నా చేతిలో ఉండేది. ముక్కుకు సూటిగా పాపిడి తీసి, కళ్ళు సాగేలా రెండు జడలు బిగించేదాన్ని. సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక చెదరకూడదు. "నొప్పక్కా" అంటే దువ్వెన వెనక్కి తిప్పి నెత్తి మీద ఒకటి వేసేదాన్ని. "బిగుతుగా ఉందా?" అని ఆ తర్వాత అడిగితే "లేదు" అనేది.

"కళ్ళజోడు సంచిలో ఉంది, ఇటివ్వు," అంది చెల్లి.

సంచిలో చెయ్యి పెడితే డాక్టరు చీటీ దొరికింది. చదవకుండా ఉండే బుద్ధి నాకెక్కడిది? చిన్నప్పటి నుంచి బిగించిన జడల లాగుడు వల్ల కుదుళ్ళు దెబ్బతిన్నాయి, పోయిన చోట మళ్ళీ రావడం కష్టం అని రాసి ఉంది. దాని కింద ఇంకో ముక్క: జడ తనే వేసుకునేవారట.

చీటీ మడిచి, ఉన్నచోటే పెట్టి, కళ్ళజోడు అందించాను.

"సోమవారానికి అవుతుందా?"

"అవుతుంది," అన్నాను.

శనివారం, ఆదివారం కొట్టు మూసుకుని కూర్చున్నాను. విగ్గును చెక్క తలకి గుచ్చి, నడిమి గీత పొడవునా ముడులు ఒక్కొక్కటే విప్పాను. ఎడమ కనుబొమ్మ పైన కొత్త గీత పెట్టి, విగ్గు అడుగునుండే వల కన్నాల్లో కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకే ముడేశాను. రెండేసి వేస్తే ముడి నల్లగా చుక్కలా కనబడుతుంది, మాడులా ఉండదు. గీతకి అటువి అటు, ఇటువి ఇటు వాలాలి. విప్పిన పాత గీత మీద కూడా పలచగా నింపి, తడిపి, ఆవిరి పట్టి, ఆరేదాకా కొత్త వైపుకు పిన్నులు పెట్టి ఉంచాను. లేకపోతే మధ్యలో మళ్ళీ విచ్చుకుంటాయి.

నుదుటి అంచు చూస్తే నాకే సిగ్గేసింది. స్కేలు పెట్టి గీసినట్టు కట్టాను. ఏ మనిషికి ఉంటుంది అలా? ట్వీజరుతో అక్కడొకటి, ఇక్కడొకటి పీకాను. వరుసగా పీకితే బట్టతల గీత పడుతుంది. కణతల దగ్గర కాస్త లోపలికి తీసి, అంచున సన్నటి పొట్టి వెంట్రుకలు కట్టాను. పాపిడి కింద వలకి దాని మాడు రంగు పొడి అద్దాను. ప్రతి ముడికీ దాని చిన్ననాటి తల గుర్తొచ్చింది. ఈ ఓపికలో పావు వంతు అప్పుడుంటే సరిపోయేది.

ఆదివారం సాయంత్రం చెల్లి అద్దం ముందు కూర్చుని తల అటూ ఇటూ తిప్పింది. కిటికీ వెలుగులోకి వెళ్ళి పాపిడి మీద వేలు పెట్టి చూసుకుంది.

"మూడో తరగతిలో అడిగాను నిన్ను పక్క పాపిడి," అని నవ్వింది. "ఇప్పుడు మూడో తరగతికి పాఠం చెప్పబోతుంటే తీశావు."

నాకు నవ్వు రాలేదు. "డాక్టరుతో నువ్వే జడ వేసుకునేదానివని ఎందుకు చెప్పావే?"

అద్దంలోంచే నన్ను చూసింది. "చీటీ చూశావా? అక్కడ పక్కనే మా ఆయన ఉన్నాడక్కా. నీ పేరు ఎందుకు చెప్పాలి?"

"నేనే కదా చేసింది."

"నువ్వే," అంది. కాదనలేదు. తర్వాత ముఖం తిప్పుకుని, "క్లిప్పులు గట్టిగా పెట్టు. పిల్లల ముందు జారకూడదు," అంది.

దాని మిగిలిన జుట్టు పట్టుకుని విగ్గు క్లిప్పులు నొక్కాను.

"బిగుతుగా ఉందా?"

"లేదు," అంది వెంటనే.

ఆ గొంతు నాకు తెలుసు. క్లిప్పు కింద వేలు దూర్చి చూశాను. కుదుళ్ళు లాగుతున్నాయి, కణత దగ్గర చర్మం సాగి ఉంది. క్లిప్పులన్నీ తీసేసి, జుట్టు బలంగా ఉన్న చోటు వెతుక్కుంటూ మొదటి నుంచి వదులుగా పెట్టడం మొదలుపెట్టాను.