మళ్లీ నొక్కొద్దు

ఉదయం పదిన్నరకు పేమెంట్ గేట్‌వే మొరాయించింది. కాఫీ పండ్లు ఆరబోసుకునే టార్పాలిన్లను మా అరకు ఆఫీసు యాప్‌లో అమ్ముతుంది. కస్టమర్లకు కబుర్లు రాసేది నేనే. కంగారులో రెండు ముక్కలు రాసి పంపేశాను: "అసౌకర్యానికి చింతిస్తున్నాం. కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి."

పంపాక గాని తట్టలేదు. కొందరికి ఖాతాలో డబ్బు పోయినా, గేట్‌వే నుంచి సమాచారం రాక ఆర్డరు 'పెండింగ్' అనే చూపిస్తోంది. వాళ్లు కొత్త ఆర్డరు పెడితే డబ్బు రెండోసారి పోతుంది.

మా ఊళ్లో సిగ్నల్ లేదు. పదకొండు దాటాక బుధు మావ ఐదిళ్ల ఫోన్లు సంచిలో వేసుకుని సిగ్నల్ దొరికే గుట్టెక్కి, అందరి తరఫునా ఆర్డర్లు పెట్టి డబ్బు కట్టేసి వస్తాడు. ఇవాళ మా అమ్మ మగ్దలేనమ్మ ఫోనూ అందులో ఉంది. అమ్మ ఖాతాలో ఉన్నది ఒక టార్పాలిన్ డబ్బు, రేపు పండ్లు ఏరేవాళ్ల కూలి. అంతే.

మావకు ఫోన్ చేస్తే అందుబాటులో లేరంటోంది. గబగబా సరైన నోటీసు రాశాను. మేనేజరు లక్ష్మీప్రసాద్ సార్ దాని నెత్తిన "గౌరవనీయులైన వినియోగదారులకు" అని మొదలెట్టి నాలుగు లైన్లు చేర్చారు.

"సార్, ఫోన్ మీద కనబడేది మొదటి రెండు లైన్లే. అసలు మాట పైనుండాలి."

"మర్యాద ఉండాలి కదమ్మా."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. గడియారం పదకొండు దాటింది. మర్యాదంతా తీసేసి ఆయన ముందు పెట్టాను. ఆయన ఇంకో పది నిమిషాలు నసిగి ఒప్పుకున్నారు.

"డబ్బు కట్ అయితే మళ్లీ కట్టొద్దు. కొత్త ఆర్డరు పెట్టొద్దు. 'నా ఆర్డర్లు' తెరవండి. 'పెండింగ్' ఉంటే ఆగండి. 'ఫెయిల్' అని వచ్చి, బ్యాంకులో డబ్బు కట్ కాకుంటేనే, అదే ఆర్డరులో 'మళ్లీ చెల్లించు' నొక్కండి. కట్ అయ్యుంటే ఆర్డరు నంబరు మాకు పంపండి."

పంపిన పావుగంటకు మావే ఫోన్ చేశాడు.

"సుజానా, నీ రెండో కబురు సూసి నాలుగు ఫోన్లూ ఆపేసినాను. మళ్లీ ఏటీ నొక్కలేదు."

"అమ్మది?"

"అది ముందే తీసినాను. పెండింగని పడింది. కిందన నీ మొదటి కబురుంది. ఫోనిచ్చినప్పుడు మీయమ్మ సెప్పింది గదా, ఆఫీసు కబురు మా గుంట సుజానే రాస్తాది, అదేటి సెప్తే అది సెయ్యన్నా అని. కొత్తగా ఇంకో ఆర్డరు పెట్టి కట్టేసినాను. రెండుసార్లూ కట్టయిపోనాది."

కంప్యూటర్లో చూశాను. గేట్‌వే కోలుకుంది. అమ్మ పేరున రెండు ఆర్డర్లు, రెండింటికీ డబ్బు అందింది. రెండోదాన్ని రద్దు చేసి వాపసు పెట్టాను. ఖాతాలో పడడానికి ఐదు నుంచి ఏడు పనిదినాలు అని చూపించింది. నా మీద నాకే అసహ్యమేసింది.

"మీయమ్మకేటి సెప్పమంటావు? బేగి సెప్పు, సిగ్నల్ పోతాది" అన్నాడు మావ.

తెల్లారితే కూలీలొస్తారు. అసలు మాటే ముందు చెప్పాను: "తప్పు నాదే, డబ్బు తిరిగి రావడానికి వారం పైనే పడుతుందని చెప్పు మావా."