పసుపు బంతి

తణుకు మొత్తానికి క్రోకే అనే దొరల బంతాట ఆడే పచ్చిక ఒక్కటే, అది రామతులసి గారి పెరట్లో ఉంది. ఆవిడ భర్త పల్లంరాజు నీలగిరి తేయాకు తోటల్లో మేనేజరుగా చేసి, రిటైరై వస్తూ ఒక చెక్కపెట్టె వెంట తెచ్చుకున్నాడు. అందులో నాలుగు రంగుల బంతులు, మాలెట్లనే పొడుగు కర్రల చెక్క సుత్తులు, బంతి దూరడానికి నేలలో గుచ్చే ఆరు ఇనప హూపులు, మధ్యలో పాతడానికో గుంజ. ఆడటానికి జత దొరక్క పక్కవీధి లెక్కల మాస్టారు భాస్కరాన్ని పట్టుకున్నాడు. పల్లంరాజు పోయి ఆరేళ్ళయినా చలికాలం ఆదివారాలు ఆట ఆగలేదు. ఇప్పుడు మాస్టారికి ఎదురు రామతులసి గారు ఆడతారు.

లెక్కల మాస్టారికి ఒక నియమం కనబడితే చాలు, దాన్ని కాగితం మీద పెట్టేదాకా అన్నం సయించదు. ఆట నియమాలన్నీ గుండ్రటి అక్షరాల్లో తెలుగులో రాసి, లామినేషన్ చేయించి, వరండా స్తంభానికి తగిలించాడు. ఎడమచేతి వైపు దగ్గరి మూలది ఒకటో హూపు, దూరపు మూలది రెండు. కుడివైపు దూరపు మూలది మూడు, దగ్గరిది నాలుగు. మధ్యలో గుంజకి ఇవతలిది అయిదు, అవతలిది ఆరు. బంతి ఈ వరసలోనే దూరాలి, వరస తప్పితే లెక్కలోకి రాదు. ఆరూ అయ్యాక గుంజని తాకితే ఆ బంతి పని పూర్తయి పక్కకి వెళ్ళిపోతుంది. ఒక్కొక్కరికి రెండేసి బంతులు, నీలం నలుపు ఒకరివి, ఎరుపు పసుపు ఇంకొకరివి; రెండూ ముందుగా ముగించినవాళ్ళే గెలిచినట్టు.

వంతుకి ఒకటే దెబ్బ. హూపు దాటితే ఇంకొకటి. మన బంతి వేరే బంతిని తాకితే దాన్ని రోకే అంటారు, దానికి రెండు దెబ్బలొస్తాయి. మొదటిది క్రోకే, ఆట పేరే దీనికీ: మన బంతిని తీసుకెళ్ళి తగిలిన బంతికి ఆనించి కొట్టాలి. రెండోది మామూలు దెబ్బ. ఒకసారి తాకిన బంతి మీద మళ్ళీ రోకే కావాలంటే ముందు ఇంకో హూపు దాటాలి. క్రోకే దెబ్బలో ఎదుటి బంతి కదలాలి, కనీసం వణకాలి. వణక్కపోతే తప్పు, వంతు అక్కడితో సరి.

కాగితం చివర రెండు వాక్యాల కింద మాస్టారు ఎర్రగీత కూడా గీశాడు. 'తప్పు ఆడినవారే చెప్పాలి, ఎదుటివారు అడగరాదు.' 'ఆట ముగిశాక ఏ తప్పునూ తిరగతోడరాదు.' ఇక్కడ అంపైరు లేడు, మాటే అంపైరు అని చూడవచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. చెప్పేటప్పుడు గొంతు కొంచెం సవరించుకునేవాడు కూడా.

ఏడాదికొక ఆదివారం పేరు కోసం ఆడతారు; పెట్టె మూత లోపలివైపు ఆ ఆటలు గెలిచినవాళ్ళ పేర్లుంటాయి. ఓడినవాళ్ళే తెల్లరంగుతో గెలిచినవాళ్ళ పేరు రాయాలి, అది పల్లంరాజు పెట్టిన ఆనవాయితీ. పైన నాలుగుసార్లు పల్లంరాజు, దాని కింద ఆరుసార్లు భాస్కరం. రామతులసి పేరు ఒక్కసారి కూడా లేదు. మార్చిలో ఆవిడకి రెండు మోకాళ్ళకీ ఆపరేషను. ఆ తర్వాత వంగి ఆడే ఆట ఉండదని డాక్టరు చెప్పేశాడు.

"ఆయన పేరున్న మూత మీద నా పేరు ఒక్కసారైనా ఉండాలని ఆశండీ మాస్టారూ," అంది ఆవిడ, ఈ ఏడు పేరు కోసం ఆడే ఆదివారం బంతులు తుడుస్తూ. "అలాగని మీరు వదిలెయ్యకండేం. ఆడి గెలవాలి."

"వదలడం నాకు చాతకాదండి," అన్నాడు భాస్కరం నవ్వుతూ. పాపం, ఆ మాట మాత్రం నిజమే చెప్పాడు.

గోడవతల చెరకు లారీలు పోతున్నాయి. వరండాలో మాస్టారి భార్య నాగేశ్వరి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. ఆట పోటాపోటీగా సాగింది. నాలుగో హూపు దగ్గర రామతులసి పసుపు బంతి చక్కగా దూరిపోయింది. అంతలోనే ఆవిడ నాలిక కరుచుకుని, "మాలెట్టు రెండుసార్లు తగిలిందండీ, తప్పు," అని పక్కకి జరిగింది. ఎవరూ చూడలేదు, ఎవరికీ వినబడలేదు. హూపూ పోయింది, వంతూ పోయింది. అయినా మళ్ళీ పుంజుకుని ఎర్రబంతిని ముగించింది. పసుపు బంతిని ఆరో హూపు దాటించి గుంజ మీదికి కొడితే వెంట్రుకవాసిలో తప్పి, గుంజకి జానెడు దూరంలో ఆగింది. చిన్నపిల్ల కొట్టినా తగిలే దూరం.

భాస్కరం నల్లబంతి అప్పటికే ముగిసింది. నీలం బంతికి ఆరో హూపూ, గుంజా మిగిలాయి. ఈ వంతులో తేల్చకపోతే ఆట పోయినట్టే. నీలంతో పసుపుని తాకించాడు. రోకే. నీలాన్ని తెచ్చి పసుపుకి ఆనించాడు. ఇప్పుడు పసుపుని రవ్వంత మాత్రం కదిలించి, నీలాన్ని ఆరో హూపు ముందుకి పంపాలి. వంగి, ఊపిరి బిగబట్టి కొట్టాడు.

నీలం వెళ్ళి హూపు ముందు నిలిచింది. పసుపు కదల్లేదు.

వణకనైనా వణకలేదు. దాని మీద అంటుకున్న గడ్డిపరక కూడా అలాగే ఉంది. భాస్కరం కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాడు, కాబట్టి కళ్ళమీద నెపం వేయడానికి కూడా లేదు. నోరు తెరిచి 'తప్పండీ' అంటే సరిపోయేది. రామతులసి మాలెట్టు మీద ఆనుకుని, మోకాలు రాసుకుంటూ అతని వైపే చూస్తోంది. ఏమీ అడగలేదు. ఆ కాగితం రాసిన మనిషిని అడిగేదేముంది?

భాస్కరం తప్పు చెప్పకుండానే హూపు దగ్గరికి నడిచాడు. రెండో దెబ్బకి నీలం ఆరో హూపు దాటింది. దాటింది కాబట్టి పసుపు మీద మళ్ళీ రోకేకి హక్కు వచ్చింది. తాకించాడు. ఈసారి క్రోకే దెబ్బకి పసుపు కంచెదాకా పరుగెత్తింది, నీలం గుంజ పక్కనే ఉండిపోయింది. చివరి దెబ్బ టక్కున గుంజకి తగిలింది.

"శభాష్ మాస్టారూ!" అని ఆవిడ చప్పట్లు కొట్టింది. పెట్టె ముందు పీట వేయించుకుని, మోకాళ్ళ నొప్పితో కూర్చుని, సన్నటి కుంచెతో అతని పేరు రాసింది. 'భా' వంకరపోతే తుడిచి మళ్ళీ రాసింది. పక్కన నిలబడి చూస్తున్న భాస్కరానికి తల కొట్టేసినట్టయింది.

వారమంతా కంచంలో అన్నం సగం వదిలేసి లేచాడు. "ఏంటండీ, గెలిచి కూడా ఆ మొహం?" అంది నాగేశ్వరి. కాపీ కొట్టిన పిల్లల్ని ముప్ఫై నాలుగేళ్ళు బెంచీ ఎక్కించిన మనిషి, ఏమని చెబుతాడు? సిగ్గుతో చచ్చిపోయాడు, అంతే.

తర్వాతి ఆదివారం కాస్త ముందుగా వెళ్ళి, గుమ్మంలోనే చెప్పేశాడు. "ఆవేళ పసుపు కదల్లేదండీ. నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. ఆట మీదే. ఆ పేరు నేనే చెరిపి మీది రాస్తానండి."

రామతులసికి కోపం వస్తే బాగుండుననుకున్నాడు. అది రాలేదు.

"ఆట ముగిశాక తిరగతోడకూడదని మీరే రాశారు కదండీ," అంది ఆవిడ, స్తంభం వైపు చూపించి. "ఉండనివ్వండి. రండి, ఆడదాం."

ఆడారు. రెండో హూపు దగ్గర భాస్కరం ఎర్రబంతిని తాకించి, నీలాన్ని ఆనించి, క్రోకే కొట్టాడు. ఎర్రబంతి రెండంగుళాలు దొర్లింది. ఎవరికైనా కనబడే దొర్లుడు.

"కదిలిందాండీ?" అంది రామతులసి.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆ పచ్చిక మీద ఎవరూ ఎవరినీ అడగలేదు. "కదిలిందండీ," అన్నాడు భాస్కరం.

ఆవిడ తల ఊపింది. ఊపి కూడా, మాలెట్టు మీద బరువు మోపి, మోకాలు పట్టుకుని మెల్లగా వచ్చి, గడ్డిలో బంతి ఇంతకుముందు ఉన్న చోటు వంగి చూసింది.