పేరు మార్చి చూసే పరీక్ష

నా భార్య గురించి ఆమె తోటివాళ్ళు ఒక్క వాక్యం కూడా రాయలేదు. పూతలపట్టు దగ్గర ఆరోగ్య ఉపకేంద్రంలో ఆమె ఇరవై తొమ్మిదేళ్ళు నర్సుగా చేసింది. పోయిన ఏడాది చనిపోయింది. నర్సుల సంఘం వాళ్ళు తమ ప్రత్యేక సంచికలో ఆమెకు ఒక పేజీ ఇచ్చారు. ఆ పేజీని ఫోన్‌లో యంత్రం చేత రాయించి, నేను పనిచేసే ప్రెస్సుకు పంపారు.

ఇది నాకెవరూ చెప్పనక్కర్లేదు. నేను చదివింది ఊరి బడిలో పదో తరగతి దాకానే. కానీ చిత్తూరులో గుణశేఖర్ ప్రెస్సులో ముప్పై నాలుగేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఒకప్పుడు తప్పులు దిద్దేవాణ్ణి. ఈ రెండేళ్ళుగా ఒక్క తప్పూ లేని రాతలు దిద్దుతున్నాను. సన్మాన పత్రాలు, బడి వార్షికోత్సవ నివేదికలు, కల్యాణమండపం ప్రారంభోత్సవాలు అన్నీ ఫోన్ రాసినవే. "మనిషి రాసినట్టు చెయ్యన్నా" అని గుణశేఖర్ నా బల్ల మీద పడేసి పోతాడు.

ఆ రోజు పడేసి పోలేదు. చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. కాయితం మీద అలివేలమ్మ అని ఉంది.

"వదినది వచ్చిండాది. నువ్వు చూస్తావా, ఇంకెవురికన్నా ఇచ్చేదా?"

"ఇట్లివ్వు."

మొదటి పేరా: మానవ జీవితంలో సేవకు మించిన పరమార్థం లేదు, నేటి వేగవంతమైన ప్రపంచంలో అలాంటివారు అరుదు. కొట్టేశాను. లోకం సంగతి ఎవరూ అడగలేదు. రెండో పేరా: ఆమె కేవలం నర్సు కాదు, ఒక స్ఫూర్తి. ఆమెది కేవలం ఉద్యోగం కాదు, ఒక తపస్సు. ఆమె కేవలం మందులివ్వలేదు, ఆశను పంచింది. ఒకే అచ్చులో పోసిన మూడు ఇటుకలు. కొట్టేశాను. ప్రతి పేరా చివరా ఒక నీతి ఉంది. అదీ పోయింది. 'ఎందరో', 'ఎన్నో సవాళ్ళు', 'అనేక విధాలుగా' అన్నవి లెక్క తెలియనివాడు వాడే మాటలు. పోయాయి.

అనుమానం వచ్చిన వాక్యానికి నేనొక పరీక్ష పెడతాను. పేరు మార్చి చూస్తాను. అలివేలమ్మ పేరు తీసి, కాణిపాకం ఆటోస్టాండు అధ్యక్షుడి పేరు పెట్టాను. 'ప్రేమ, సహనం, అంకితభావం మూర్తీభవించిన వ్యక్తి' అన్న వాక్యం ఆయనకూ సరిగ్గా సరిపోయింది. ఎవరికైనా సరిపోయేది ఎవరి గురించీ చెప్పదు.

గుణశేఖర్ నా భుజం మీదుగా చూస్తున్నాడు. "ఇంత తీసేస్తే పేజీ యాడుంటుందన్నా? ఉండు, మనిషి రాసినట్టు చెయ్యమని ఫోన్‌నే అడుగుతా."

అడిగాడు. 'కేవలం' పోయి 'ఒట్టి' వచ్చింది. మధ్యలో ఒక 'అబ్బా' వచ్చింది. స్ఫూర్తి పోయి వెలుగు వచ్చింది. వేషం మారింది, లోపల మాత్రం ఎవరూ లేరు.

"బాగుండాది కదా?" అన్నాడు గుణశేఖర్.

"నీ సన్మానానికి దాచిపెట్టుకో."

నిజానికి ఈ వాక్యాలు యంత్రం సొంతం కావు. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి ప్రెస్సుల్లో అచ్చయినవే. నేనే దిద్ది పంపినవి ఎన్ని ఉన్నాయో! మేం వేశాం, అది నేర్చుకుంది.

చివరికి ఐదు వాక్యాలు మిగిలాయి. పుట్టిన ఊరు, ఉద్యోగంలో చేరిన సంవత్సరం, విరమణ, మరణం. ఐదోది, 'ఆమె మితభాషి.' అది ఉంచాను. యంత్రం గుడ్డిగా వేసిన రాయి ఒకటి తగిలింది అనుకున్నాను. ఇంట్లో ఆమె పట్టుమని పది మాటలు మాట్లాడిన రోజు నాకు గుర్తు లేదు.

ఖాళీ అయిన చోటును కల్పించి నింపకూడదు. తెలిసినవాళ్ళను అడగాలి. ఆమె ఉపకేంద్రంలో ఆయాగా చేసిన ఎస్తేరు పూతలపట్టులోనే ఉంటుంది. మర్నాడు పొద్దున బస్సెక్కి పోయాను.

"ఏమన్నా, అక్క పోయినాక ఇప్పటికి మా ఇంటి దావ తెలిసిందా?" అంది, చేటలో బియ్యం పక్కన పెడుతూ.

"ఆమె గురించి సంచికలో వేస్తున్నారు. జరిగినవి నాలుగు చెప్పు. మంచిది, గొప్పది అనొద్దు."

"గొప్పది కాదా ఏంది?"

"అది చదివేవాళ్ళు అనుకోవాలి. నువ్వు జరిగింది చెప్పు."

ఆమె చేట మళ్ళీ ముందుకు లాక్కుంది. "ఒక తూరి వాగు నిండా నీళ్ళు. అవతల ఊర్లో బిడ్డలకు టీకాలెయ్యాల. అక్క చీర ఎగ్గట్టి, టీకాల డబ్బా నెత్తిన పెట్టుకోని దిగేసినాది. అవతల గట్టు మీద సర్పంచి గొడుగు పట్టుకోని 'జాగ్రత్తమ్మా, జాగ్రత్తమ్మా' అంటాండాడు. ఒడ్డెక్కి, 'జాగ్రత్త నాకొద్దు, ఆ గొడుగు డబ్బాకు పట్టు' అనింది."

రాసుకున్నాను. నాకు ఈ సంగతి తెలియదు. నా దగ్గరున్న ఐదు వాక్యాలూ సరిచూడడానికి ఆమెకు చదివి వినిపించాను.

"మితబాసి అంటే?"

"తక్కువ మాట్లాడేది."

ఎస్తేరు నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "ఎవురు? అలివేలక్కా? ఎవురు రాసినారన్నా ఇది? ఐదున్నరకు పనైపోతే ఈ క్రాసులో బస్టాపు బెంచీ మీద కూసునేది. చిత్తూరు బస్సొస్తే 'పోనీ' అనేది. ఇంకోటొస్తే దాన్నీ 'పోనీ' అనేది. మూడోదానికి ఎక్కేది. అంతసేపూ ఒకటే మాటలు. సర్పంచి నడక నడిచి చూపించేది. పూలమ్మే ఆమె బేరం మరిచిపోయి ఇనేది."

"రోజూనా?"

"రోజూనే. పొద్దు పోతాండాది గదక్కా అని నేనే అడిగినా ఒగనాడు. 'ఇంట్లో నోరు తెరిస్తే దిద్దుతాడు ఎస్తేరూ, ఈడ కాసేపు మాట్లాడుకోనీ' అనింది."

అని, నా చేతిలో పెన్ను చూసి ఆగింది.

"అది రాయొద్దన్నా."

నేను రాశాను.

అబద్ధమైతే కొట్టేసేవాణ్ణి. అలివేలమ్మ ఇంట్లో ఏదైనా మొదలుపెడితే 'అసలు సంగతికి రా' అనేవాణ్ణి. ఒకసారి చెప్పింది మళ్ళీ చెబితే 'చెప్పావు' అనేవాణ్ణి. మధ్యలో సాగదీస్తే పేపరు తిప్పేవాణ్ణి. నేను తీసేయగా ఇంట్లో మిగిలిన ఆమెను చూసి, తక్కువ మాట్లాడే మనిషి అనుకున్నాను.

ప్రెస్సుకు వచ్చి ఆ ఐదో వాక్యంలో పేర్లు మార్చి చూశాను. ఎవరికి పెట్టినా నిలబడింది. మొన్న దానికొక్కదానికే పరీక్ష పెట్టలేదు. కొట్టేశాను. వాగు సంగతి మొదట పెట్టాను. బస్సుల సంగతి ఎస్తేరు చెప్పినట్టే, మళ్ళీ మళ్ళీ వచ్చే 'పోనీ'లతో సహా పెట్టాను. ఒక్క అక్షరం దిద్దలేదు. పేజీ నిండింది.

సాయంత్రం సంఘం కార్యదర్శి జయంతి ఫోన్ చేసింది.

"అన్నా, చానా బాగుండాది. కండ్లలో నీళ్ళొచ్చినాయి. మనిషి రాసినట్టే ఉండాది."

"మనిషే చెప్పింది."

"ఆ బస్సుల మాట మాత్రం తీసేద్దామా? మీకే బాగుండదు. ఆడ 'భర్త సహకారం మరువలేనిది' అని ఒక లైను పెడితే..."

"ఎవరి భర్త?"

"అదేందన్నా, మీరే కదా!"

"మీ ఇంటాయన పేరు పెట్టి చదువు. సరిపోతుందేమో చూడు."

"మీ ఇష్టమన్నా" అంది.

"తీసేస్తే పేజీ మొత్తం తీసేయండి."

తీయలేదు. సంచిక వచ్చింది. గుణశేఖర్ ఒక ప్రతి తెచ్చి, ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. అతను దాన్ని చదివినట్టు ముఖమే చెబుతోంది.

"అన్నా, వదిన నిజంగానే అట్లనిందా?"

"తరవాతి ప్రూఫు ఏది?"

"అది కాదన్నా, నువ్వు..."

"ప్రూఫు ఇస్తావా, ఇంటికి పొమ్మంటావా?"

ఇచ్చాడు. ఎవరిదో పదవీ విరమణ. 'మానవ జీవితంలో' అని మొదలైంది. కొట్టేశాను.

ఎస్తేరు రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఆ మాట చెప్పినందుకు నేను ఎస్తేరును క్షమించేదీ లేదు, వద్దన్నా రాసినందుకు ఆమె నన్ను క్షమించాలనీ అడగను. చెప్పాల్సింది అచ్చులో ఉంది. దాని గురించి ఇక ఎవరితోనూ మాట్లాడను.